‘సరిచేశాం’ అంటే సరిపోదు

పరిశోధన వ్యాసాన్ని సవరించి రెండోసారి జర్నల్‌కు పంపితే, సమీక్షకుడి నుంచి ఒక్క వాక్యం వచ్చింది: ‘రిఫరెన్సుల తీరు ఒకేలా లేదు.’ ఏవి, ఎక్కడ అన్నది లేదు. ప్రయోగం ఊసెత్తకుండా చుక్కలూ కామాలూ పట్టుకున్నాడేమిటని రచయితకు చిర్రెత్తుకొస్తుంది. నన్నడిగితే అది శుభవార్తే. పెద్ద అభ్యంతరాలు తీరాకే చాలామంది వీటి జోలికి వస్తారు.

ఇంతకీ తేడా ఏమిటి? డీఎన్‌ఏ నిర్మాణంపై వాట్సన్, క్రిక్ 1953లో రాసిన వ్యాసాన్నే రెండు రకాలుగా చూడండి. శీర్షిక ఉండాల్సిన చోట చుక్కలు పెట్టాను.

```
Watson JD, Crick FH. ... Nature. 1953;171(4356):737-8.
Watson, J. D., & Crick, F. H. C. (1953). ... Nature, 171(4356), 737–738.
```

మొదటిది వైద్య పత్రికలు ఎక్కువగా వాడే వాంకూవర్ పద్ధతి, రెండోది ఏపీఏ పద్ధతి. దేనికది సరైనదే. ఒకే జాబితాలో రెండూ కనిపిస్తేనే చిక్కు.

ఇది ఎక్కువగా జరిగేది సవరణల హడావుడిలోనే. జొటెరో, ఎండ్‌నోట్ లాంటి సాఫ్ట్‌వేర్ తాను పెట్టిన రిఫరెన్సుల పద్ధతిని ఒక్క దెబ్బతో మార్చేస్తుంది. సహరచయిత చేత్తో టైప్ చేసినవి మాత్రం దానికి మామూలు అక్షరాలే, వాటిని ముట్టుకోదు. వర్డ్‌లో వ్యాసం మధ్యనున్న రిఫరెన్సు సంఖ్యపై క్లిక్ చేసి చూడండి. సాఫ్ట్‌వేర్ పెట్టినదైతే సాధారణంగా బూడిదరంగు పడుతుంది, చేత్తో కొట్టినదైతే పడదు.

జవాబులో సమీక్షకుడి మాటను ఉన్నదున్నట్టు పైన పెట్టి, కింద ఇలా రాయవచ్చు:

‘నిజమే. కొత్తగా చేర్చిన 14, 22, 23 రిఫరెన్సులు వేరే పద్ధతిలో ఉండిపోయాయి. జాబితా మొత్తాన్ని జర్నల్ సూచనల ప్రకారం వాంకూవర్ పద్ధతిలోకి మార్చాం. 31వది 9వ దానికి నకలని తేలడంతో తీసేశాం. అందువల్ల ఆ తర్వాతి సంఖ్యలన్నీ ఒకటి తగ్గాయి. మార్పులు 18–21 పేజీల్లో గుర్తు పెట్టి ఉన్నాయి.’

ఈ జవాబుకు ప్రాణం ఆ నకలు సంగతే. వాంకూవర్‌లో సంఖ్యలు వ్యాసంలో ప్రస్తావన వచ్చిన వరుసలో నడుస్తాయి కాబట్టి, ఒకటి తీసేస్తే వెనకవన్నీ జరుగుతాయి. వ్యాసంలో సాఫ్ట్‌వేర్ పెట్టిన సంఖ్యలను అదే దిద్దుతుంది. ఉత్తరాన్ని ఎవరూ దిద్దరు. మరో సమీక్షకుడికి అదే ఉత్తరంలో ‘36వ రిఫరెన్సు చూడండి’ అని రాసి ఉంటే అది ఇప్పుడు 35. తడబడేది ఎక్కువగా ఇక్కడే.

ఇలా వెతుకుతుంటే ఒక్కోసారి సంవత్సరమో పేజీ సంఖ్యో తప్పని బయటపడుతుంది. దాన్ని ‘తీరు మార్చాం’ అన్న మాట కింద కప్పెయ్యకుండా విడిగా చెప్పాలి. ఉదహరించిన వ్యాసాన్నే దాని జర్నల్ ఉపసంహరించిందని తెలిస్తే అది తీరు సమస్య కానే కాదు. దాని మీద నిలబెట్టిన వాక్యాన్ని తిరగరాయాలి, ఆ సంగతి ఎడిటర్‌కు రాసే కవరింగ్ లెటర్‌లోనూ చెప్పాలి.