నలభై మందికీ ఒకటే సర్వర్

ల్యాబ్ నడుస్తుండగా ఒక విద్యార్థి వర్చువల్ మెషిన్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. కాసేపటికి పక్క బల్ల మీద ఇంకొకరిది, ఆ వెనక మరో ఇద్దరివి. సర్వర్ తెర మీద వాటి పక్కన `io-error` అని కనబడుతుంది. వైరస్ అనుకుంటారు, కరెంటు అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం డిస్కు నిండిపోవడమే.

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పుడు ఒక పెద్ద సర్వర్ మీద ప్రాక్స్‌మాక్స్ వేసి, విద్యార్థికొక వర్చువల్ మెషిన్ ఇస్తున్నారు. ల్యాబ్ వాడుకలో వీఎం. లెక్క కోసం ఒక సర్వర్‌ను అనుకుందాం: 128 జీబీ ర్యామ్, 1000 జీబీ డిస్కు, 40 మంది విద్యార్థులు.

తలా 32 జీబీ డిస్కు ఇస్తే మొత్తం 1280 జీబీ. ఉన్నది వెయ్యే. అయినా సర్వర్ ఒప్పుకుంటుంది. థిన్ పూల్ అనే పద్ధతిలో చోటు ముందే కోసి ఇవ్వరు, రాసినకొద్దీ ఇస్తారు. మొదట్లో ఒక్కో వీఎం 8 జీబీ వాడితే 320 జీబీతో సరిపోతుంది, అందరూ హాయిగా ఉంటారు.

తర్వాత స్నాప్‌షాట్లు మొదలవుతాయి. ప్రయోగానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి తీసుకుని వాటిని మరిచిపోతారు. స్నాప్‌షాట్ ఉన్నంతకాలం పాత సమాచారం చెరగదు, కొత్తది దాని పక్కన చేరుతుంది. ఇంకో చిక్కుంది. వీఎం లోపల 10 జీబీ ఫైలు చెరిపినా ఆ చోటు దానంతటది పూల్‌కు తిరిగి రాదు. డిస్కుకు `Discard` పెట్టి, లోపల `fstrim -av` నడపాలి. స్నాప్‌షాట్ పట్టుకున్న భాగం అప్పటికీ రాదు. ఇలా పూల్ నూరు శాతానికి చేరితే ఎక్కువ వాడినవాడూ తక్కువ వాడినవాడూ ఒకేలా ఆగిపోతారు.

అందుకే గోడకు అంటించే ఆ ఒక్క పేజీలో మొదటి మాట చోటు గురించే ఉండాలి: తలా ఒక వీఎం, 2 జీబీ ర్యామ్, 32 జీబీ డిస్కు, స్నాప్‌షాట్లు రెండే, ఏడు రోజులే. ర్యామ్‌లో 16 జీబీ సర్వర్ కోసం పక్కన పెడితే 112 మిగులుతుంది. నలభై మందికి 80 పోగా, ఫైనలియర్ ప్రాజెక్టులకు 32 ఉంటుంది. ర్యామ్ దగ్గర ఉదారంగా పోవడం నాకు ఇష్టం లేదు. అది అయిపోతే లైనక్స్ ఎక్కువ ర్యామ్ తింటున్న ప్రోగ్రామును చంపేస్తుంది. అది ఏ పాపం ఎరుగని పిల్లవాడి వీఎం కావచ్చు.

రెండో మాట పేరు. సర్వర్‌లో `test`, `new`, `ubuntu2` అని ఉంటే వాటి యజమాని ఎవరో తేలదు, ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఆ భయంతోనే అనాథ వీఎంలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. బ్రాంచి, రోల్ నంబరు, సబ్జెక్టు, గడువు తేదీ అన్నీ పేరులోనే పెట్టాలి:

```
cse-417-dbms-20260430
```

నడుమ అడ్డగీతలే వాడాలి. అండర్‌స్కోర్ పెడితే ప్రాక్స్‌మాక్స్ ఆ పేరును ఒప్పుకోదు.

గడువు పేరులోనే ఉంటే శుభ్రం చేయడంలో గొడవ తగ్గుతుంది. గడువుకు వారం ముందు నోటీసు, గడువు రోజున వీఎం ఆపడం, మరో 14 రోజులకు చెరపడం. నడుమ ఆ రెండు వారాలు చాలా అవసరం. ఊరెళ్లిన పిల్లవాడు తిరిగొచ్చి అడగడానికి అదే సమయం. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి: ఆపిన వీఎం ర్యామ్‌ను మాత్రమే వదులుతుంది. డిస్కు చెరిపాకే వస్తుంది.

ఇక దాచుకోవడం. స్నాప్‌షాట్ ఉందిగా అని బ్యాకప్ మానేసేవాళ్లను ఎందరినో చూశాను. స్నాప్‌షాట్ ఉండేది అదే పూల్‌లో, డిస్కు పోతే రెండూ పోతాయి. ప్రాజెక్టు వీఎంలకు వారానికొక బ్యాకప్ వేరే డిస్కు మీదకు తీసి, చివరి రెండూ ఉంచి, రీవాల్యుయేషన్ ఫలితాలు వచ్చాక చెరపాలి. మామూలు ల్యాబ్ వీఎంలకు బ్యాకప్ ఉండదని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయాలి. విద్యార్థి తన కోడు తానే బయట దాచుకోవాలని ముందే తెలియాలి. ప్రాక్టీసు కోసమని నిజమైన మనుషుల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు వీఎంలో పెట్టకూడదన్న మాటా అక్కడే ఉండాలి, ఎందుకంటే అవి బ్యాకప్‌లలోకీ చేరతాయి.

మీ ల్యాబ్‌లో ఇలాంటి సర్వర్ ఉంటే ఇవాళే దాని మీద `lvs` నడిపి, పూల్ వరుసలో `Data%` కింద అంకె చూడండి. 80 దాటితే ముందు పాత స్నాప్‌షాట్లు తీయించండి.