సగటు మనిషికి పనిచేసిన మాత్ర

స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చినవారి మందుల కవరులో సాధారణంగా రెండు మాత్రలు జంటగా ఉంటాయి. ఒకటి ఆస్పిరిన్. రెండోది చాలామందికి క్లోపిడోగ్రెల్, 75 మిల్లీగ్రాములు. ఇంట్లో దాన్ని ‘రక్తం పలచబడే బిళ్ల’ అంటారు. నిజానికి రక్తం పలచనేమీ కాదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని స్టెంటులో గడ్డ కట్టకుండా ఆపడం దాని పని. ఆ పని అందరి ఒంట్లోనూ ఒకేలా జరగదు. ఈ సంగతి మందు మార్కెట్లోకి వచ్చిన పదేళ్ల దాకా సరిగా బయటపడలేదు.

1997లో ఈ మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి రావడానికి ముఖ్య ఆధారం కేప్రి అనే ట్రయల్. గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినవాళ్లు మొత్తం 19,185 మంది ఇందులో పాల్గొన్నారు. సగం మందికి క్లోపిడోగ్రెల్, సగం మందికి ఆస్పిరిన్ ఇచ్చి దాదాపు రెండేళ్లు గమనించారు. మళ్లీ గుండెపోటు, పక్షవాతం, లేదా రక్తనాళాల జబ్బుతో మరణం ఏడాదికి ఆస్పిరిన్ వాళ్లలో నూటికి 5.83, క్లోపిడోగ్రెల్ వాళ్లలో 5.32. తేడా నూటికి అరమనిషి. అంత చిన్న తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి పంతొమ్మిది వేల మంది కావలసి వచ్చింది, అదీ బొటాబొటిగా.

ఆ పంతొమ్మిది వేలలో నూటికి 95 మంది తెల్లవారు.

మిగిలినవాళ్లు సుమారు వెయ్యి మంది. వాళ్లను రెండు గుంపులు చేస్తే ఒక్కోదానిలో ఐదు వందలకు కాస్త తక్కువ. మొత్తం ట్రయల్లో కనిపించిన లెక్కే వాళ్లకూ వర్తిస్తే ఆ దాదాపు రెండేళ్లలో ఆస్పిరిన్ వైపు 53 మందికో 54 మందికో, క్లోపిడోగ్రెల్ వైపు 49 మందికో ప్రమాదం జరగాలి. ఆ నలుగురైదుగురి తేడా మందు గొప్పతనమా, యాదృచ్ఛికమా? చెప్పలేం. ఒకవేళ మందు వాళ్లలో అసలు పనిచేయక రెండు వైపులా 53 వచ్చాయనుకోండి, అదీ తెలియదు. ఆ వెయ్యి మందిలోనూ నల్లవాళ్లు, చైనీయులు, భారతీయులు వేర్వేరుగా ఉంటారు. ఆఖరికి ఒక్కో గుంపులో మిగిలేది పదులలోనే. వాళ్ల ఫలితం తెల్లవారి సగటులో కలిసిపోతుంది. ట్రయల్ అబద్ధం చెప్పదు. ఎవరి గురించి చెబుతోందో ఆ మాట మాత్రం పెట్టె మీద అచ్చు కాదు.

అసలు తేడా ఎక్కడుందంటే, కాలేయంలో. క్లోపిడోగ్రెల్ మాత్ర బియ్యం లాంటిది, కాలేయం వండితేనే అన్నమవుతుంది. మింగిన మందులో సుమారు 85 శాతం ఏ పనికీ రాకుండా విరిగిపోతుంది. మిగిలిన కాస్తను కాలేయంలోని ఎంజైములు రెండు దశల్లో మారిస్తే అసలు మందు తయారవుతుంది. ఆ మార్పులో ముఖ్యపాత్ర సిప్-2సి19 అనే ఎంజైముది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే ఎంజైము పనికిరాకుండా పోతుంది. ఆ మారిన రూపాన్ని స్టార్ 2 అంటారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతులూ చెడినవైతే మాత్ర రోజూ వేసుకుంటున్నా ప్లేట్‌లెట్ల మీద దాని ప్రభావం బాగా తగ్గిపోతుంది. అలా రెండూ చెడినవాళ్లు తెల్లవారిలో నూటికి ఇద్దరు, చైనీయుల్లో 14 మంది. వనువాటు లాంటి పసిఫిక్ దీవుల్లో కొన్నిచోట్ల సగానికి పైగా ఉన్నారు.

మన సంగతి? పుదుచ్చేరి జిప్‌మర్ పరిశోధకులు దక్షిణాది రాష్ట్రాలవాళ్లను పరీక్షిస్తే జన్యు ప్రతుల్లో ఇంచుమించు మూడింట ఒకటి స్టార్ 2గా తేలింది. మూడింట ఒకటి చొప్పున రెండు ప్రతులూ చెడినవే రావడానికి అవకాశం తొమ్మిదింట ఒకటి, అంటే నూటికి పదకొండు. ఒక్క ప్రతైనా చెడినవాళ్లు సగానికి మించే ఉంటారు.

2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం క్లోపిడోగ్రెల్ వాడుతున్న దాదాపు పదిహేను వందల మంది జన్యువులు చూసింది. చెడిన ప్రతి ఒక్కటైనా ఉన్నవారిలో స్టెంటులో గడ్డ కట్టడం మూడు రెట్లు ఎక్కువ. మరుసటి ఏడాది మార్చిలో ఎఫ్‌డీఏ మందు కాగితం మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. అయితే ప్రమాదం స్టెంట్ వేసినవారిలో స్పష్టంగా కనిపించినట్టు, ఇతర కారణాలతో వాడేవారి విషయంలో అన్ని అధ్యయనాల్లోనూ కనిపించలేదు. కాబట్టి ఇది చదివి ఎవరూ మాత్ర మానేయకూడదు. స్టెంట్ ఉన్నవాళ్లు హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికే రావచ్చు. ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ అనే మందులకు ఈ ఎంజైముతో పెద్దగా పనిలేదు కానీ వాటితో రక్తస్రావం ఎక్కువ. ఎవరికేది అన్నది డాక్టరు తేల్చాలి.

ఇక ట్రయల్ ఫారంలో జాతి ఎందుకు అడుగుతారన్న ప్రశ్న. అది రాయించకపోతే ఆ 95 అనే అంకె కూడా మనకు తెలిసేది కాదు. అమెరికాలో ప్రభుత్వ డబ్బుతో జరిగే ట్రయల్స్‌లో మహిళలను, మైనారిటీలను చేర్చాలని 1993లో చట్టం వచ్చింది. కొత్త మందుకు దరఖాస్తు చేసే కంపెనీ ఫలితాలను వయసు, లింగం, జాతి వారీగా విడదీసి చూపాలని ఎఫ్‌డీఏ 1998లో నిబంధన పెట్టింది. చెప్పవలసింది రోగే. రంగు చూసి నర్సు రాసేది కాదు.

ఐతే ఆ గడులు జన్యుశాస్త్రవేత్తలు గీసినవి కావు, జనాభా లెక్కల కోసం ప్రభుత్వం గీసినవి. జపాన్ వాడూ గుంటూరు వాడూ ‘ఏషియన్’ అనే ఒకే గడిలో టిక్కు పెట్టాలి. మన దగ్గరే చూడండి. ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరిచే ఎంజైము లోపం ఆర్యవైశ్యుల్లో మిగతావారి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ లోపం ఉన్నవారికి మత్తు దిగినా శ్వాస తీసుకునే శక్తి చాలాసేపు రాదు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. తరతరాలుగా లోపలి సంబంధాలే చేసుకోవడం వల్ల వచ్చినది ఇది. ‘ఏషియన్’ గడి కాదు కదా, ‘ఇండియన్’ అని గడి పెట్టినా ఇది దొరకదు. జన్యువును నేరుగా చూడగలిగిన చోట జాతి గడికి విలువ లేదు. ఏ జన్యువును చూడాలో ఇంకా తెలియని చోటే అది అక్కరకొస్తుంది: ఈ గుంపులో ఫలితం వేరుగా ఉంది, ఎందుకో చూడండి అని చెప్పడానికి.

హవాయి రాష్ట్రంలో ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలవాళ్లే ఎక్కువ. అందరికీ ఈ మందు ఒకేలా పనిచేయదని తెలిసీ చెప్పలేదంటూ ఆ రాష్ట్రం 2014లో తయారీ కంపెనీల మీద దావా వేసింది. 2021లో 83 కోట్ల డాలర్లకు పైగా జరిమానా పడింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2023లో దాన్ని కొట్టేసి మళ్లీ విచారించమంది. 2024లో అది 91 కోట్లు దాటింది. కంపెనీలు తమ తప్పేమీ లేదనే అన్నాయి.

మన దేశంలో 2019 నాటి కొత్త మందుల నిబంధనల ప్రకారం, కొన్ని విదేశాల్లో అప్పటికే అనుమతి పొందిన మందుకు ఇక్కడ ట్రయల్ మినహాయించవచ్చు. దానికి ఉన్న షరతుల్లో ఒకటి, మందును అరాయించే ఎంజైముల్లోనో జన్యువుల్లోనో భారతీయులకు తేడా ఉన్నట్టు ‘ఇప్పటికి ఉన్న జ్ఞానం’ ప్రకారం ఆధారం ఉండకూడదన్నది. స్టార్ 2 రూపాన్ని 1994లోనే కనుగొన్నారు. క్లోపిడోగ్రెల్ ప్రభావం దాని మీద ఆధారపడుతుందని ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగంలో తేలింది మాత్రం 2006లో. ఈ షరతు 1997లో ఉండి ఉంటే క్లోపిడోగ్రెల్ దాన్ని సులువుగా దాటేసేది.