ఒకే కొలత ముక్కలు

బంగాళాదుంప వేపుడులో కొన్ని ముక్కలు మాడి, కొన్ని లోపల పచ్చిగా ఉన్నాయంటే చాలాసార్లు తప్పు మంటది కాదు, తరిగిన తీరుది. సెంటీమీటరు ముక్క కంటే రెండు సెంటీమీటర్ల ముక్క నడిమికి వేడి చేరడానికి దాదాపు నాలుగింతల సమయం పడుతుంది. రెండూ ఒకే మూకుడులో ఉంటే ఏదో ఒకటి చెడాల్సిందే.

ముందు దుంపకు ఒక పక్క పలచగా కోసేసి, ఆ చదును వైపు చెక్క మీద ఆనించండి. ఇక దొర్లదు. సెంటీమీటరు మందాన బిళ్లలు కోసి, పేర్చి, అంతే వెడల్పున నిలువుగా కోస్తే కడ్డీలొస్తాయి. అవే బేటన్లు. వాటిని అంతే కొలతలో అడ్డంగా కోస్తే పాచికల్లాంటి ముక్కలు, అంటే డైస్. మందం, వెడల్పు మూడు మిల్లీమీటర్లకు తగ్గిస్తే అగ్గిపుల్లల్లాంటి జూలియన్. నూడుల్స్‌లో క్యారెట్‌కు అదే నాకిష్టం, చిటికెలో మగ్గుతుంది. పులుసులో వేస్తే మాత్రం మెత్తబడి కలిసిపోతుంది. అంచుల్లో మిగిలిన వంకర ముక్కలు పప్పులోకి పనికొస్తాయి.