బ్యాంకు కాగితంలో నెలనెలా కోతలు పట్టుకోండిలా!

నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో జీతం నేరుగా బ్యాంకులో పడుతుంది. కూరగాయల బండి దగ్గర కూడా చెల్లింపు ఫోన్‌తోనే. చేతిలో నోట్లు ఆడవు కాబట్టి ఇంటి లెక్కంతా బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది. శ్రీవారు ఆ పేజీని ఫోటో తీసి పంపితే చాలామంది చివరి బాలెన్స్ ఒక్కటే చూసి ఊరుకుంటారు. ఒక గంట కేటాయిస్తే ఆ పేజీ చాలా చెబుతుంది.

ముందు ఫోటో సంగతి

కాగితాన్ని కిటికీ దగ్గర బల్లమీద పరిచి, మడతలు సరిచేసి, ఫోన్‌ను సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయాలి. పక్కనుంచి తీస్తే వరసలు వంగి, ఒక తేదీ ఎదుట మరో అంకె కనిపిస్తుంది. ఇతరులకు పంపేటట్లయితే ఖాతా నంబరు మీద చీటీ పెట్టి తీయండి.

మసగ్గా ఉన్న అంకెను ఊహించకండి, బాలెన్స్‌తో సరిచూడండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ మే నెల పేజీలో ఒక అంకె 149 అనీ అనిపించింది, 749 అనీ అనిపించింది. పై వరసలో బాలెన్స్ 31,820, ఆ వరసలో 31,671. తేడా 149. ఇక అనుమానమే లేదు! కొన్ని బ్యాంకులు కొత్త తేదీని పైన వేస్తాయి. అప్పుడు కింది వరసలోంచి తీసివేయాలి.

ఖర్చును గదులుగా విడదీయండి

నోటుబుక్కులో ఐదు గదులు చాలు: ఇల్లు, వంటిల్లు, ప్రయాణం, చదువు-వైద్యం, నెలవారీ కోతలు. ఒక్కొక్క వరసను ఒక్కొక్క గదిలో వేసుకుంటూ పోండి. UPI అన్నచోట దుకాణం పేరు కాకుండా మనిషి పేరు ఉంటే, ఆ తేదీన ఫోన్‌లోని చెల్లింపుల చరిత్ర తెరిస్తే ఎవరికిచ్చామో గుర్తొస్తుంది.

మూడు రకాల వరసలను మాత్రం ఖర్చులో కలపకూడదు. రికరింగ్ డిపాజిట్‌కు వెళ్ళింది పొదుపు. ఏటీఎంలో తీసింది చేతిలోకి వచ్చిన డబ్బు, దాన్ని ఖర్చు పెట్టినప్పుడే రాయాలి. క్రెడిట్ కార్డు బిల్లు కట్టిన మొత్తాన్ని ఆ బిల్లు చూసి విడదీయాలి, లేకపోతే ఒకే సరుకు రెండుసార్లు లెక్కకొస్తుంది. ఆవిడ పేజీలో పోయిన మొత్తం 42,000. అందులో 10,000 డిపాజిట్‌కు వెళ్ళింది కనుక మిగిలింది 32,000 మాత్రమే.

మళ్ళీ మళ్ళీ వచ్చేవి

అదే పేరు, అదే మొత్తం, దాదాపు అదే తేదీ - ఈ మూడూ కలిస్తే అది నెలవారీ కోత. సెలవు వస్తే తేదీ ఒకటి రెండు రోజులు జరగవచ్చు. ఇది తేలాలంటే మూడు నెలల పేజీలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఒక్క పేజీయే ఉంటే ACH, NACH, SI, MANDATE, AUTOPAY అనే అక్షరాలు వెతకండి. మనం ముందుగా ఇచ్చిన అనుమతి మీద పోతున్న డబ్బుకు అవి గుర్తు.

ఆవిడ పేజీలో ACH ఎదుట ఉన్న 6,450 స్కూటర్ వాయిదా. అది తెలిసిన సంగతే. 149 మాత్రం పిల్లవాడు ఒక నెల ఉచితమని పెట్టుకున్న వినోదాల యాప్‌ది. ఏడాదికి 1,788 రూపాయలు! యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన ఈ కోత ఆగదు. అనుమతి ఇచ్చిన చెల్లింపు యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి రద్దు చేయవచ్చు.

పేరు అర్థం కాని 236 రూపాయలు ఇంకొకటి. బ్యాంకు తన రుసుము మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది. అందుకని 236ను 1.18తో భాగిస్తే సరిగ్గా 200 వచ్చింది. ఇలా గుండు అంకె వస్తే బ్యాంకు రుసుమేమో అని అడగవచ్చు. అడిగితే, బీరువాలో పడి ఉన్న రెండో ఏటీఎం కార్డుకు ఏడాది రుసుమని తేలింది. వాడని కార్డును మూయించుకుంటే సరి.

వీటిని ఆపకండి

మే చివర్లో 436, 20 రూపాయల కోతలు కనిపిస్తే కంగారు పడవద్దు. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 సురక్షా ప్రమాద బీమా. 2022 జూన్ నుంచి ప్రీమియం ఇంతే. ఒక్కొక్క దాని కింద రెండు లక్షల బీమా, జూన్ 1 నుంచి మరుసటి మే 31 వరకు. ఆ రోజుల్లో ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. అయితే ఒకే మనిషికి రెండు బ్యాంకుల్లో ఇదే కోత పడుతుంటే ఒకటి మాన్పించండి. రెండుచోట్ల కట్టినా పరిహారం ఒక్కటే వస్తుంది.

ఏడాదికోసారి వచ్చే కోతలు మూడు నెలల కాగితాల్లో దొరకవు. వాటికోసం నిరుటి ఇదే నెల పేజీని కూడా ఒకసారి తిరగేయండి.