చేమిరి ఎంత, వెచ్చదనం ఎంత

అర లీటరు పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఒక చిన్న చెంచా చేమిరి వేస్తే మే నెలలో హైదరాబాద్ వంటింట్లో దాదాపు ఐదు గంటల్లో పెరుగు తోడుకుంటుంది. అదే గిన్నె, అవే పాలు, అదే చెంచా. డిసెంబరు చివరిలో మాత్రం రాత్రి పదింటికి తోడు వేసి పొద్దున్నే మూత తీస్తే పాలు ఇంకా పాలలాగే ఉంటాయి. ఇలాంటప్పుడు మర్నాడు రెండు చెంచాల చేమిరి వేయడం చాలా ఇళ్లలో అలవాటు. రెట్టింపు తోడు వేస్తే సగం సమయంలో తోడుకోవాలన్నది సహజంగా కలిగే అంచనా. కానీ పెరుగు ఆ లెక్కన నడవదు. ఎందుకు నడవదో తెలిస్తే ఎండాకాలం పులిసిపోవడాన్నీ, చలికాలం తోడుకోకపోవడాన్నీ రెంటినీ సరిచేసుకోవచ్చు.

పాలను పెరుగుగా మార్చేవి చేమిరిలోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. ఇవి పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. పాలలో కేసిన్ అనే ప్రోటీన్ కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. తాజా పాలలో ఈ రేణువులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి కాబట్టి పాలు పలుచగా పారతాయి. ఆమ్లం పెరిగేకొద్దీ ఆ నెట్టుడు తగ్గి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. చివరికి గిన్నె నిండా ఒక వల అల్లుకుని, పాలలోని నీరూ వెన్నా అందులోనే చిక్కుకుపోతాయి. ఆ వలే గడ్డ పెరుగు. తాజా పాల పీహెచ్ 6.6 దాకా ఉంటుంది. అది 4.6 దగ్గరికి దిగేసరికి పెరుగు గట్టిగా నిలబడుతుంది. కాబట్టి తోడుకునే సమయం అంటే, అంత ఆమ్లం తయారు చేయగలిగినన్ని బ్యాక్టీరియా పుట్టడానికి పట్టే సమయం.

అవి పుట్టే తీరులోనే అసలు కిటుకు ఉంది. ఒక్కో బ్యాక్టీరియా చీలి రెండవుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి, నాలుగూ ఎనిమిదవుతాయి. అర లీటరు పాలలో ఐదు మిల్లీలీటర్ల చెంచాతో చేమిరి వేస్తే అది పాలలో నూరో వంతు. అంటే బాగా తోడుకున్న పెరుగులో ఉండేంత సంఖ్యకు చేరాలంటే బ్యాక్టీరియా నూరు రెట్లు పెరగాలి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది. ఏడు రెట్టింపులతో నూరు దాటింది. ఇప్పుడు రెండు చెంచాలు వేశారనుకుంటే మొదటి రెట్టింపు ముందే జరిగిపోయినట్టు లెక్క. మిగిలేవి ఆరు. నాలుగు చెంచాలు వేస్తే మిగిలేవి ఐదు. తోడు నాలుగింతలు చేసినా ఏడు మెట్లలో రెండు మాత్రమే తగ్గాయి. ఇది స్థూలమైన లెక్కే. ఆమ్లం తయారవడం సంఖ్యతో పాటే అంత ఖచ్చితంగా నడవదు. అయినా వంటింటి అనుభవానికి ఇది బాగానే సరిపోతుంది.

తోడు ఎన్ని మెట్లు ఎక్కాలో నిర్ణయిస్తుంది. ఒక్కో మెట్టుకు ఎంతసేపు పడుతుందో నిర్ణయించేది వేడి. ఇళ్లలో తరతరాలుగా తోడు వేస్తూ వస్తున్న పెరుగులో సాధారణంగా లాక్టోకాకస్ జాతివి ఎక్కువ. వీటికి 30 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. ఆ వేడిలో ఒక రెట్టింపుకు సుమారు గంట పడుతుంది. ఇంటి చేమిరిలో ఇంకాస్త వేడిని ఇష్టపడే రకాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి 35 డిగ్రీల్లో అది ముప్పావు గంటకు దిగవచ్చు. 20 డిగ్రీలకు పడిపోతే రెండు గంటలు, ఇంకా చలిగా ఉంటే రెండున్నర గంటలు కూడా పట్టవచ్చు. వేడిలోని మార్పు ఏడు మెట్లలో ప్రతి ఒక్కదాన్నీ సాగదీస్తుంది లేదా కుదిస్తుంది. తోడులోని మార్పు ఒకటి రెండు మెట్లను మాత్రమే కలుపుతుంది, తీసేస్తుంది. అందుకే తోడు కన్నా వెచ్చదనానిదే పైచేయి.

ఈ లెక్కను రెండు రాత్రులకు వేసి చూడవచ్చు. మొదటిది మే నెల, వంటిల్లు 35 డిగ్రీలు. రాత్రి పదింటికి అర లీటరు పాలలో ఒక చెంచా చేమిరి వేస్తే, ఏడు మెట్లు ముప్పావు గంట చొప్పున, తెల్లవారుజామున మూడుంపావుకు పెరుగు తోడుకుంటుంది. ఇంట్లో వాళ్లు ఆరింటికి లేస్తే అప్పటికే దాదాపు మూడు గంటలు అది పులుస్తూ ఉంది. పైన పచ్చటి తేట, నోట్లో పెట్టుకుంటే పులుపు. ఇక్కడ తోడు తగ్గించడం పనిచేస్తుంది. పావు చెంచా వేస్తే రెండు మెట్లు పెరిగి, ఐదు గంటలకు కాస్త ముందు తోడుకుంటుంది. లేచేసరికి తీపి తగ్గని గడ్డ పెరుగు సిద్ధం.

రెండోది డిసెంబరు, వంటిల్లు 18 డిగ్రీలు. గిన్నె త్వరగా చల్లారి ఆ వేడిలోనే ఉండిపోతే, ఒక చెంచాతో ఏడు మెట్లకు రెండున్నర గంటల చొప్పున పదిహేడు గంటలు దాటుతుంది. రెండు చెంచాలైతే పదిహేను, నాలుగైతే పన్నెండున్నర. ఎంత తోడు పోసినా పొద్దున ఆరింటికి పెరుగు లేదు. పైగా నాలుగు చెంచాలతో పాటు పాత పెరుగు పులుపు కూడా పాలలోకి వచ్చేస్తుంది. అదే గిన్నెను వెచ్చటి పాలతోనే మందపాటి తువ్వాలులో చుట్టి, రాత్రంతా 30 డిగ్రీలకు తగ్గకుండా చూస్తే ఒక్క చెంచాతోనే ఏడు గంటల్లో తోడుకుంటుంది. బియ్యం డబ్బాలో గిన్నెను పూడ్చి పెట్టే పాత పద్ధతి సరిగ్గా ఈ పనే చేస్తుంది. బియ్యం వేడిని పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు. హాట్ బాక్స్ కూడా అంతే.

వేడిని నిలపడంలో పాల పరిమాణం, గిన్నె రకం కూడా లెక్కలోకి వస్తాయి. పావు లీటరు పాలు స్టీలు గిన్నెలో త్వరగా చల్లారిపోతాయి. రెండు లీటర్ల పాలు ఎక్కువసేపు వెచ్చగా ఉండి, ఆ మొదటి గంటల్లోనే చాలా పని జరిగిపోతుంది. అందుకే పండగకు పెద్ద గిన్నెలో వేసిన తోడు రోజూ వేసే చిన్న గిన్నె కన్నా ముందే తోడుకోవడం కనిపిస్తుంది. మట్టి కుండది దీనికి ఎదురు. కుండ గోడల గుండా నీరు ఊరి ఆవిరవుతుంటే లోపలి వేడి తగ్గుతుంది. పొడి ఎండలు కాసే రాయలసీమ, తెలంగాణ వేసవిలో ఇది వరమే. కుండ పెరుగు నిదానంగా తోడుకుని, కొంత నీటిని కుండ పీల్చుకోవడం వల్ల గట్టిగానూ ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే తీర ప్రాంతాల్లో ఆవిరి తక్కువ కాబట్టి ఆ చల్లదనం అంతగా రాదు. చలికాలంలో కుండ వాడితే ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

వేడి ఎక్కువైనా కష్టమే. సలసలా కాగుతున్న పాలలో చేమిరి వేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతాయి. ఆపైన ఎన్ని గంటలు ఉంచినా పెరుగు రాదు. తోడు వేసేటప్పుడు పాలు 40 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. చిటికెన వేలు ముంచి నెమ్మదిగా పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే అది సరైన వేడి. అలాగని పాలను కాచకుండా కేవలం వెచ్చబెట్టి తోడు వేయడం మంచిది కాదు. బాగా కాచినప్పుడు పాలలోని ఇతర క్రిములు చస్తాయి. దాంతో పాటు పాల తేటలో ఉండే ప్రోటీన్లు విచ్చుకుని కేసిన్‌కు అతుక్కుని వలను బిగువుగా చేస్తాయి. కాచిన పాల పెరుగు గట్టిగా ఉండటానికి కారణం ఇదే.

చేమిరి ఏ రకమన్నది మరో ముఖ్యమైన సంగతి. అమెరికాలో యోగర్ట్ అని అమ్మే పెరుగు తయారీకి అక్కడి నిబంధనల ప్రకారం స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అనే రెండు రకాలు వాడాలి. ఇవి 40 డిగ్రీలు దాటిన వేడిలో చురుగ్గా పనిచేస్తాయి. అక్కడి తెలుగు కుటుంబాలు దుకాణపు పెరుగును చేమిరిగా వేసి, 20 డిగ్రీల ఇంట్లో గట్టు మీద వదిలేస్తే మర్నాటికీ పాలే మిగలడం ఇందువల్లే. ఇంటి చేమిరి ఆ చలిలోనైనా మెల్లగా కదులుతుంది, ఈ రకాలు దాదాపు ఆగిపోతాయి. తోడు పెంచితే లాభం లేదు. ఓవెన్ లోపలి బల్బు వెలిగించి గిన్నెను అందులో ఉంచడం వంటి ఏర్పాటే దారి. ఇక్కడ కూడా ఇలాంటి రకాలతో చేసిన ప్యాకెట్ పెరుగును చలికాలంలో తోడు వేస్తే అదే ఇబ్బంది వస్తుంది.

చేమిరి వయసూ అంతే. నిన్న తోడుకున్న పెరుగు వేస్తే బ్యాక్టీరియా వెంటనే పనిలోకి దిగుతాయి. వారం పది రోజులు ఫ్రిజ్‌లో ఉండి పులిసిన పెరుగులో చాలావరకు చచ్చి ఉంటాయి, మిగిలినవి తేరుకోవడానికి సమయం తీసుకుంటాయి. చెంచా నిండా వేసినా అది అర చెంచా కిందే లెక్క. ఎంత వేసినా పాలలో పూర్తిగా కలిసేలా తిప్పడం అవసరం. చేమిరి గడ్డగా అడుగున ఉండిపోతే అక్కడ పులుపు, పైన పాలు.

చలిలో మరీ ఆలస్యమైన పెరుగు ఒక్కోసారి చెంచాకు తీగలా సాగుతుంది. కొన్ని లాక్టిక్ బ్యాక్టీరియా తక్కువ వేడిలో జిగురు పదార్థాన్ని ఎక్కువగా వదలడం దీనికి ఒక కారణం. వాసన, రుచి మామూలుగా ఉంటే అందులో భయపడాల్సింది లేదు. దాన్ని మాత్రం చేమిరిగా వాడితే మళ్లీ అదే జిగురు వస్తుంది. బుడగలు లేచినా, ఈస్టు వాసనో కుళ్లు వాసనో వచ్చినా సంగతి వేరు. పాలు ఎక్కువసేపు ఆమ్లం లేకుండా ఉండిపోవడంతో వేరే క్రిములు ముందుకొచ్చాయన్నమాట. ఆ గిన్నెను పారబోయాల్సిందే.

తోడుకుంటున్న గిన్నెను కదిలిస్తే అల్లుకుంటున్న వల తెగి నీరు బయటికొస్తుంది. చూడాలనిపిస్తే చివరి గంటలో ఒక్కసారి గిన్నెను కొద్దిగా వంచితే చాలు. పైభాగం అలలా జారితే ఇంకా సమయం ఉంది. మొత్తం ఒకే ముద్దగా గిన్నె అంచుతో పాటు ఒరిగితే తోడుకున్నట్టే, ఆ క్షణమే ఫ్రిజ్‌లోకి మార్చాలి. అక్కడ బ్యాక్టీరియా చావవు, పని బాగా మందగిస్తుంది. పెరుగు తీపి నిలుస్తుంది, రేపటి చేమిరికి కావలసిన చెంచాడు కూడా అందులోనే ఉంటుంది.