పక్క ఛానెల్ మూడో రోజు లెక్క

విజయవాడలో పచ్చళ్లు అమ్ముతూ యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్న ఒకావిడ ఉందనుకుందాం. అదే వ్యాపారంలో ఉన్న మరో ఐదు ఛానెళ్లు వారానికి ఎన్ని వీడియోలు పెడుతున్నాయో, జనం వేటిని చూస్తున్నారో ఆవిడకు తెలియాలి. రోజూ ఫోన్లో చూసి పుస్తకంలో రాసుకోవచ్చు. ఆవకాయ సీజన్ వచ్చిందంటే ఆ పుస్తకం అటకెక్కుతుంది.

ఈ పనిని ప్రోగ్రామ్‌కు అప్పగించడానికి యూట్యూబే డేటా ఏపీఐ అనే దారి ఇచ్చింది. ఉచితమే గానీ, రోజుకు మామూలుగా 10,000 యూనిట్ల రేషన్ ఉంటుంది. కొత్త వీడియోల కోసం `search` వాడితే రోజుకు మామూలుగా 100 సార్లే కుదురుతుంది. ఐదు ఛానెళ్లకు గంటకోసారి అంటే రోజుకు 120 సార్లు, రేషన్ చాలదు. అలా కాకుండా ప్రతి ఛానెల్‌కూ ఉండే అప్‌లోడ్ల జాబితాను `playlistItems` తో అడిగితే ఒక యూనిట్, వాటిలో 50 వీడియోల దాకా అంకెలను `videos` తో ఒకేసారి తెచ్చుకుంటే మరో యూనిట్. అదే పని 240 యూనిట్లతో అయిపోతుంది.

ఎన్ని వీడియోలు పెట్టారన్నది తేదీలే చెబుతాయి. చిక్కంతా ఆదరణ లెక్కలోనే. నెల క్రితం వీడియోకు 40,000 వీక్షణలు, నిన్నటిదానికి 6,000 కనిపిస్తే ఛానెల్ పడిపోయినట్టు కాదు, కొత్తదానికి ఇంకా వయసు రాలేదంతే. ఏపీఐ ఇప్పటి మొత్తమే చెబుతుంది, పాత రోజుల లెక్క అడిగినా ఇవ్వదు. అందుకే ప్రతి వీడియో అంకెనూ సరిగ్గా 72 గంటలకు రాసిపెట్టుకోవాలి. ఐదు వీడియోలకు 5,200, 5,800, 6,100, 6,400, 90,000 వచ్చాయనుకోండి. సగటు 22,700 అవుతుంది, అంత చూసిన వీడియో అక్కడ ఒక్కటీ లేదు! వరుసలో నడిమిది, 6,100, అసలు సంగతి చెబుతుంది. షార్ట్స్‌ను విడిగా లెక్కించాలి. 2025 మార్చి 31 నుంచి అవి ఆడడం మొదలైతే చాలు, వీక్షణగా లెక్కపడుతోంది.

వేల వీక్షణలున్నా లైకులు సున్నా అని కనిపిస్తే అనుమానించండి. ఛానెల్ వాళ్లు లైకులు దాచి ఉంటారు. అప్పుడు `likeCount` అసలు రాదు, మన ప్రోగ్రామే ఆ ఖాళీని సున్నాగా రాసేస్తుంది.

ఇక ఏది తీసుకోవచ్చన్న మాట. తేదీ, శీర్షిక, వీక్షణలు, వ్యాఖ్యల సంఖ్య చాలు. వ్యాఖ్య రాసినవాళ్ల పేర్లు ఈ లెక్కకు అక్కర్లేదు, వాటిని పోగేస్తే పోటీదారు ఖాతాదారుల చిట్టా తయారవుతుంది. తనంతట తానే బహిరంగపరచుకున్న వ్యక్తిగత సమాచారానికి మన 2023 డేటా రక్షణ చట్టం వర్తించదు. అయినా యూట్యూబ్ నిబంధనలు వర్తిస్తాయి. పేజీలను యంత్రంతో గీకి తీయకూడదు. ఏపీఐతో తెచ్చిన ఇలాంటి అంకెలను 30 రోజుల్లోపు చెరిపేయాలి, లేదా మళ్లీ తెచ్చుకోవాలి. మళ్లీ తెస్తే వచ్చేది ఆనాటి మొత్తమే, మూడో రోజు అంకె కాదు. కాబట్టి ఈ ఏటి ఆవకాయ సీజన్ ఆదరణను వచ్చే ఏటితో పోల్చడం ఈ దారిలో కుదరదు. ఎన్ని వీడియోలు పెట్టారన్న లెక్కకు ఆ ఇబ్బంది లేదు. వీడియో ఉన్నంతకాలం తేదీ మళ్లీ దొరుకుతుంది.