60 జాగాల్లో 88 కార్లు

మొన్న మాఘమాసంలో ఒక రిసెప్షన్‌కి వెళ్తే ఫంక్షన్ హాలు గేటు బయట అరగంట కారులోనే కూర్చున్నాం. తీరా లోపలికి వెళ్లి చూస్తే సగం జాగా ఖాళీగా ఉంది. ఇరుకంతా గేటు దగ్గరే! పార్కింగ్ ముందే బుక్ చేయించేవాళ్లు కూడా ఎన్ని కార్లు పడతాయో చూసి అన్ని పాసులు ఇచ్చేస్తారు. ఎవరు ఎప్పుడు రావాలో చెప్పరు.

ఒక్క గేటున్న హాలు అనుకుందాం. పాసు చూసి ఒక కారును పంపడానికి అర నిమిషం పడితే నిమిషానికి రెండు కార్లు. ఏడింటికి రమ్మన్నారని 35 కార్లు ఐదు నిమిషాల్లో వచ్చి పడితే లోపలికి వెళ్లేవి పదే. మిగిలిన 25 రోడ్డు మీదే. ఎడంతో కలిపి కారుకు ఆరు మీటర్లు వేసుకున్నా 150 మీటర్ల వరస. అందుకే ఆ 35 మందికీ 7:00–7:20 కొందరికి, 7:20–7:40 మిగతావారికి అని వేళ రాసి ఇవ్వాలి.

వేళ రాస్తే ఇంకో లాభం ఉంది. రిసెప్షన్‌లో దగ్గరి చుట్టాలు చివరిదాకా ఉంటారు. ఆఫీసువాళ్లు, ఇరుగుపొరుగు అక్షింతలు వేసి, ఫొటో దిగి, భోంచేసి వెళ్లిపోతారు. హాల్లో 60 కార్లకు జాగా ఉంటే చుట్టాలకు 25 తీసిపెట్టి, మిగతా 35 జాగాలను రెండుసార్లు వాడుకోవచ్చు. మొదటి విడత ఎనిమిదీ ముప్పావుకల్లా కదిలితే రెండో విడత తొమ్మిదింటి నుంచి మొదలవుతుంది. అయితే రెండో విడతకు 35 పాసులూ ఇవ్వకూడదు. కబుర్లలో పడి కదలనివాళ్లు ఉండనే ఉంటారు. ఏడు ఆపి 28 ఇవ్వడం మేలు. మొత్తం 88 కార్లు. చుట్టాల కార్లను లోపలి వైపు పెట్టించాలి, లేకపోతే తొందరగా వెళ్లేవాళ్ల దారికి అవే అడ్డం.

బుక్ చేసేటప్పుడు బండి ఏదో కచ్చితంగా అడగాలి. కారు గడి సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. అందులో బైకులు ఐదు పడతాయి, కానీ ఒక్క బైకు అడ్డంగా నిలిపినా కారు జాగా పోయినట్టే. బైకులకు వేరే దారి, వేరే మూల ఉండాలి. ఊరి నుంచి చుట్టాలను తెచ్చే టెంపో ట్రావెలర్ గడిలో ఇమడదు, వెనక్కి తిప్పడానికీ చోటు చాలదు. దానికి జనాన్ని దింపే చోటు మాత్రం చూపించి, బండిని బయట ఇంకో స్థలానికి పంపాలి.

గేటు దగ్గర ఫోన్లో పాసు వెతుక్కుంటుంటే ఆ అర నిమిషం కాస్తా నిమిషమవుతుంది. బండి నంబర్ల చివరి నాలుగు అంకెలను వరసగా రాసిన కాగితం కాపలా అబ్బాయి చేతిలో ఉంటే, కారు ఆగకముందే టార్చి వేసి పేరు మీద టిక్కు పెట్టేస్తాడు.